మార్కుల హిస్టోగ్రామ్‌లో బిన్ వెడల్పు ఎంత ఉండాలి? ఉన్నత పాఠశాలల గణిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం

సభకు నమస్కారం.

మీ చేతుల్లో ఉన్న కాగితంలో అరవై మంది విద్యార్థుల గణితం మార్కులు ఉన్నాయి. ఇవి ఏ పాఠశాలవీ కావు. ఈ ప్రసంగం కోసం నేను కూర్చిన అంకెలు. అయితే ప్రశ్నపత్రం నమూనా మాత్రం మీకు తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి గణితంలో కొన్నేళ్లుగా అనుసరిస్తున్న విధంగా, ఒక మార్కు ప్రశ్నలు పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కుల వ్యాసరూప ప్రశ్నలు ఐదు, మొత్తం వంద మార్కులు. ఉత్తీర్ణతకు 35 కావాలి. ఈ రెండు విషయాలు గుర్తుంచుకోండి. హిస్టోగ్రామ్ ఆకారాన్ని చదివేటప్పుడు ప్రశ్నపత్రం నిర్మాణం మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

ఈ అరవై మందిలో కనిష్ఠ మార్కు 12, గరిష్ఠం 91. సగటు 52.9, మధ్యగతం 54. ఈ రెండు సంఖ్యలు మాత్రమే చూసిన ప్రధానోపాధ్యాయుడు సగటు విద్యార్థికి యాభై పైచిలుకు వచ్చిందని, తరగతి మధ్యస్థంగా ఉందని అనుకుంటారు. నిజానికి 50 నుంచి 59 వరకు మార్కులు వచ్చినవారు అరవై మందిలో ఐదుగురే. సగటు, మధ్యగతం రెండూ విద్యార్థులు పలచగా ఉన్న చోటే వచ్చి పడ్డాయి. సంఖ్యలు చెప్పని ఈ సంగతిని హిస్టోగ్రామ్ చెప్పగలదు. కానీ అది చెప్పాలంటే బిన్ వెడల్పును, అంటే మన పాఠ్యపుస్తకాల్లోని తరగతి అంతరాన్ని, సరిగా ఎంచుకోవాలి. బడి తరగతితో కలగాపులగం కాకుండా ఉండేందుకు ఈ రోజంతా నేను బిన్ అనే మాటనే వాడతాను.

మొదట వెడల్పు 20 తీసుకుందాం. సున్నా నుంచి మొదలుపెడితే 0–19లో ఇద్దరు, 20–39లో పదహారు మంది, 40–59లో పదిహేను మంది, 60–79లో ఇరవైముగ్గురు, 80 పైన నలుగురు వస్తారు. కమ్మీల ఎత్తులు 2, 16, 15, 23, 4. చూసేవారికి ఇది ఎడమ వైపు తోక ఉన్న ఒకే గుట్టలా కనిపిస్తుంది. 16, 15 మధ్య తేడాను ఎవరూ లెక్కచేయరు. ఎక్కువమంది 60–79లో ఉన్నారని, వెనుకబడినవారు కొందరున్నారని నివేదిక రాసేస్తారు.

ఇప్పుడు వెడల్పును మార్చకుండా మొదటి బిన్‌ను మాత్రం 10 దగ్గర ప్రారంభిద్దాం. 10–29లో ఏడుగురు, 30–49లో ఇరవైఒక్కరు, 50–69లో పదిహేడు మంది, 70–89లో పద్నాలుగు మంది, 90 పైన ఒక్కరు. ఎత్తులు 7, 21, 17, 14, 1. ఇప్పుడు శిఖరం ఎడమ వైపు ఉంది, తోక కుడి వైపుకు సాగింది. మొదటి చిత్రం చూసినవారు ప్రశ్నపత్రం తేలిక అంటారు. రెండో చిత్రం చూసినవారు అదే పత్రాన్ని కఠినం అంటారు. పిల్లలు వారే, మార్కులు అవే, బిన్ వెడల్పు కూడా అదే. మొదలుపెట్టిన చోటు మారితేనే తీర్పు తలకిందులైందంటే, ఆ వెడల్పు మనకు చూపించింది తరగతిని కాదు, గీతలు గీసిన తీరును.

వెడల్పు 10కి తగ్గించి సున్నా నుంచి మొదలుపెడితే 10–19 నుంచి వరుసగా 2, 5, 11, 10, 5, 12, 11, 3, 1 వస్తాయి. ముప్ఫై, నలభైలలో ఒక గుట్ట, అరవై, డెబ్భైలలో మరొక గుట్ట, మధ్యలో యాభైల దగ్గర లోయ. ఇక్కడ కూడా ప్రారంభాన్ని జరిపి చూద్దాం. 5 నుంచి మొదలుపెడితే 5–14, 15–24, 25–34, 35–44 అలా సాగి 1, 3, 5, 15, 6, 8, 15, 5, 2 వస్తాయి. అంకెలు మారాయి కానీ రెండు గుట్టలు పోలేదు, లోయ మరింత స్పష్టమైంది. ప్రారంభాన్ని సగం బిన్ మేర జరిపినా నిలిచే ఆకారాన్నే చదవాలి. నా దృష్టిలో వెడల్పు ఎంపికకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. దీనికి సూత్రం అవసరం లేదు, రెండో చిత్రం గీయడానికి ఐదు నిమిషాలు ఉంటే చాలు.

వెడల్పు ఇంకా తగ్గించి 5 చేస్తే ఏమవుతుందో చూద్దాం. 10–14 నుంచి వరుసగా 1, 1, 2, 3, 2, 9, 6, 4, 2, 3, 5, 7, 8, 3, 2, 1, 1. రెండు గుట్టలు ఉన్నాయి. దానితో పాటు కొత్త సంగతి ఒకటి బయటపడింది. 30–34లో ఇద్దరే ఉండగా 35–39లో తొమ్మిది మంది ఉన్నారు, వారిలో నలుగురికి సరిగ్గా 35 వచ్చింది. దీని కారణం ఈ గదిలో ఉన్న అందరికీ తెలుసు. 33 వచ్చిన పత్రాన్ని మరోసారి తిరగేసి, ఎక్కడైనా ఒక సోపానానికి మార్కు ఇవ్వగలమా అని చూడటం మూల్యాంకనంలో సహజంగా జరిగేదే. అది తప్పో ఒప్పో ఈ ప్రసంగం విషయం కాదు. పఠనం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. 35 దగ్గర నిటారుగా లేచిన ఆ ఒక్క కమ్మీని పిల్లల సామర్థ్యంలో శిఖరంగా చదవకూడదు. అది దిద్దిన చేతి గుర్తు. అలాంటి కమ్మీకి ఎప్పుడూ ఎడమ పక్కనే ఒక పల్లం ఉంటుంది, ఎందుకంటే అందులోని వారు ఆ పల్లం నుంచే వచ్చారు. అసలైన గుట్ట రెండు వైపులా మెల్లగా దిగుతుంది.

వెడల్పు 2కు తగ్గిస్తే చాలా కమ్మీలు ఒకటి, రెండు, మూడు ఎత్తులకే పరిమితమై, మధ్యలో కొన్ని ఖాళీలు వస్తాయి. ఒక కమ్మీలో ఇంతమందే ఉండటంలో యాదృచ్ఛికత ఎంత అనేదానికి మోటైన లెక్క ఒకటి ఉంది. ఆ సంఖ్య వర్గమూలం మేర అది అటూ ఇటూ ఊగవచ్చు. పదహారు మంది ఉన్న కమ్మీ మరో పరీక్షలో పన్నెండు కావచ్చు, ఇరవై కావచ్చు. ముగ్గురు ఉన్న కమ్మీ ఒకటి కావచ్చు, ఐదు కావచ్చు. అంటే వెడల్పు 2 చిత్రంలోని ఎగుడుదిగుళ్లన్నీ ఈ ఊగిసలాటలోనే మునిగిపోతాయి. అరవై మందికి అంత సన్నని బిన్ పనికిరాదు. జిల్లా మొత్తంలో ఇరవై వేల మంది మార్కులు ఉంటే వెడల్పు 1 కూడా చక్కగా పనిచేస్తుంది.

ఇక సూత్రాల దగ్గరకు వద్దాం. 1926లో హెర్బర్ట్ స్టర్జెస్ ప్రతిపాదించిన నియమం బిన్ల సంఖ్యను k = 1 + log2 n అంటుంది. అరవై మందికి ఇది దాదాపు 6.9, అంటే ఏడు బిన్లు. మన వ్యాప్తి 79 కనుక వెడల్పు పదకొండు పైచిలుకు వస్తుంది. 1979లో డేవిడ్ స్కాట్ ఇచ్చిన సూత్రం h = 3.49 × s / n^(1/3). ఇందులో s క్రమ విచలనం. మన దత్తాంశానికి అది 19.3, అరవై ఘనమూలం 3.91, కాబట్టి వెడల్పు దాదాపు 17. 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ ఇచ్చిన సూత్రం క్రమ విచలనానికి బదులు మొదటి, మూడో చతుర్థాంశాల మధ్య దూరాన్ని తీసుకుని h = 2 × IQR / n^(1/3) అంటుంది. ఇక్కడ మొదటి చతుర్థాంశం 36.5, మూడోది 69.5, మధ్య దూరం 33. ఫలితం మళ్లీ దాదాపు 17.

ఈ 17ను ఒకసారి పరీక్షకు పెట్టండి. సున్నా నుంచి మొదలుపెడితే ఎత్తులు 1, 8, 19, 14, 16, 2. లోయ దాదాపు పూడిపోయింది. 19, 14, 16 మధ్య తేడాలు యాదృచ్ఛిక ఊగిసలాటలో ఇమిడిపోయేవే. ఈ రెండు సూత్రాలు పేరున్నవి, గణితపరంగా లోపం లేనివి, మరి ఇక్కడ ఎందుకు తడబడ్డాయి? అవి రెండూ విస్తరణ కొలతను ఆధారం చేసుకుంటాయి. స్కాట్ సూత్రంలోని 3.49 అనే స్థిరాంకం ఒకే గుట్ట ఉన్న సామాన్య విభాజనాన్ని ఊహించుకుని వచ్చినది. రెండు గుట్టలు దూరదూరంగా ఉన్నప్పుడు క్రమ విచలనం ఒక్కో గుట్ట వెడల్పును చెప్పదు, గుట్టల మధ్య దూరాన్ని కూడా మింగి పెద్దదవుతుంది. చతుర్థాంశాల సంగతీ అంతే, మన ఉదాహరణలో ఒక చతుర్థాంశం ఎడమ గుట్టలో, మరొకటి కుడి గుట్టలో పడ్డాయి. కొలత పెద్దదైతే వెడల్పు పెరుగుతుంది, వెడల్పు పెరిగితే లోయ పూడుతుంది. అంటే రెండు శిఖరాలు ఉన్నాయా అనేదే మన ప్రశ్న అయినప్పుడు, ఒకే శిఖరం ఉందని ముందే ఊహించే సూత్రాన్ని అడిగి లాభం లేదు. ఇక్కడ స్టర్జెస్ నియమం మెరుగ్గా కనిపించింది కానీ అది దాని ఘనత కాదు. అది విస్తరణను కాకుండా మనుషుల సంఖ్యను మాత్రమే చూస్తుంది, వేల మంది ఉన్నచోట మరీ వెడల్పైన బిన్లు ఇస్తుంది. నేను సూత్రం ఇచ్చిన వెడల్పును గరిష్ఠ హద్దుగా తీసుకుని, దానిలో సగం వెడల్పుతో మరో చిత్రం తప్పకుండా గీస్తాను. 17లో సగం ఎనిమిదిన్నర, మార్కుల కొలబద్దపై దానికి దగ్గరి సౌకర్యవంతమైన సంఖ్య 10.

సౌకర్యం అన్నాను కదా, అది అలంకారం కోసం అన్న మాట కాదు. మార్కులు పూర్ణాంకాలు, ఒక్కోసారి అవి ఇంకా పెద్ద మెట్లలో వస్తాయి. ఇరవై మార్కుల స్లిప్ టెస్టు ఒకటి తీసుకోండి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, సగం మార్కులు లేవు. కాబట్టి మార్కులన్నీ సరిసంఖ్యలే. నలభై మంది పిల్లల్లో 0 నుంచి 20 వరకు ఒక్కో సరిసంఖ్య దగ్గర వరుసగా 1, 2, 3, 4, 5, 6, 6, 5, 4, 3, 1 మంది ఉన్నారనుకుందాం. ఇంతకంటే చక్కని ఒకే గుట్ట దొరకదు. దీన్ని వెడల్పు 3తో గీయండి. 0–2లో ముగ్గురు, 3–5లో ముగ్గురు, 6–8లో తొమ్మిది మంది, 9–11లో ఆరుగురు, 12–14లో పదకొండు మంది, 15–17లో నలుగురు, 18–20లో నలుగురు. తొమ్మిది, ఆరు, పదకొండు. రెండు శిఖరాలు, మధ్యలో లోయ తయారయ్యాయి.

ఈ లోయ పూర్తిగా కల్పితం. 6–8 బిన్‌లో 6, 8 అనే రెండు మార్కులకు చోటు ఉంది, 9–11లో 10 ఒక్కదానికే చోటు ఉంది, 12–14లో మళ్లీ రెండింటికి. బిన్ల వెడల్పు సమానంగా కనిపిస్తున్నా వాటిలో పడగలిగే మార్కుల సంఖ్య సమానం కాదు. వెడల్పును 4 చేస్తే ఎత్తులు 3, 7, 11, 11, 7, 1 అవుతాయి, గుట్ట ఒకటే అవుతుంది. చివరి కమ్మీ అంత పొట్టిగా ఉండటానికి కారణం అందులో 20 ఒక్కటే ఉండటం. కాబట్టి వెడల్పు ఎప్పుడూ మార్కుల మెట్టుకు పూర్ణ గుణిజంగా ఉండాలి. మెట్టు రెండైతే వెడల్పు 2, 4, 6. మెట్టు అర మార్కు అయితే వెడల్పు 1 కూడా సరే. ఎడమ నుంచి కుడి వరకు కమ్మీలు ఒకటి విడిచి ఒకటి ఎత్తుగా, పొట్టిగా దువ్వెన పళ్లలా కనిపిస్తే, పిల్లల గురించి ఆలోచించడం ఆపి ముందు ఈ మెట్టును లెక్కచూడాలి.

కంప్యూటరు తానుగా ఎంచుకునే బిన్లతో ఈ పొరపాటు తరచుగా వస్తుంది. పైథాన్‌లో ఏమీ చెప్పకపోతే కనిష్ఠం నుంచి గరిష్ఠం వరకు ఉన్న దూరాన్ని పది సమభాగాలు చేస్తుంది. ఇరవై మార్కుల పరీక్షలో మార్కులు 3 నుంచి 19 వరకు ఉంటే ఒక్కో బిన్ వెడల్పు 1.6. కొన్ని బిన్లలో రెండు పూర్ణాంకాలు, కొన్నింటిలో ఒకటే పడతాయి, మళ్లీ దువ్వెన తయారవుతుంది. అందుకే హద్దులు మనమే ఇవ్వాలి.

```python
plt.hist(marks, bins=range(5, 96, 10))
```

ఇక్కడ హద్దుల మీద పడే మార్కు గురించి ఒక మాట చెప్పాలి. పై ఆదేశంలో 35 అనే మార్కు 35తో మొదలయ్యే బిన్‌లోకి వెళుతుంది. ఆర్ భాషలో, ఎక్సెల్ హిస్టోగ్రామ్ చార్టులో మనం మార్చకపోతే పద్ధతి వేరు. అక్కడ పై హద్దు బిన్‌లో కలుస్తుంది, కాబట్టి 25, 35 హద్దులున్న బిన్‌లోకి 35 చేరుతుంది. మన దత్తాంశంలో దాని పర్యవసానం చిన్నది కాదు. 35 వచ్చి ఉత్తీర్ణులైన నలుగురు అనుత్తీర్ణుల కమ్మీలో కనిపిస్తారు. ఐదుగురు ఉండాల్సిన కమ్మీలో తొమ్మిది మంది వస్తారు, 25 వచ్చిన వారు ఒకరు ఎడమ బిన్‌కు జారుతారు కనుక చివరికి ఎనిమిది మంది మిగులుతారు. ఆర్‌లో దీన్ని ఇలా సరిచేయవచ్చు.

```r
hist(marks, breaks = seq(5, 95, by = 10), right = FALSE)
```

చేత్తో గీసేవారు పాఠ్యపుస్తకంలో చెప్పినట్టు 34.5, 44.5 అని వాస్తవ హద్దులు తీసుకుంటే ఈ బెడద అసలు ఉండదు. బిన్లను 0 నుంచి కాకుండా 5 నుంచి మొదలుపెట్టడంలో నా ఉద్దేశం కూడా ఇదే. ఉత్తీర్ణత గీత ఒక బిన్ మధ్యలో కాకుండా రెండు బిన్ల మధ్య పడాలి. అలా పడినప్పుడు ఎడమ వైపు ఉన్న మొదటి మూడు కమ్మీలు కలిపి తొమ్మిది మంది అనుత్తీర్ణులు అని చిత్రం చూసే ఎవరైనా చెప్పగలరు.

గ్రేడ్ల పట్టికనే బిన్లుగా వాడటం మన పాఠశాలల్లో కనిపించే మరో అలవాటు. గ్రేడ్ల పద్ధతిలో పై గ్రేడ్లు 91–100, 81–90 అంటూ పదేసి మార్కులతో దిగి వస్తాయి, చివరికి 35–40 అనే ఆరు మార్కుల గ్రేడు, దాని కింద 0–34 అనే ముప్ఫై ఐదు మార్కుల గ్రేడు ఉంటాయి. మన అరవై మందిలో 0–34లో తొమ్మిది మంది, 35–40లో పది మంది ఉన్నారు. ఎత్తులను మనుషుల సంఖ్యతో గీస్తే రెండు కమ్మీలు దాదాపు సమానంగా నిలబడతాయి. మార్కుకు ఎంతమంది అని లెక్కిస్తే మొదటి చోట 0.26, రెండో చోట 1.67. ఆరు రెట్లకు పైగా తేడా. బిన్లు అసమానంగా ఉన్నప్పుడు ఎత్తుకు బదులు వైశాల్యం మనుషుల సంఖ్యను చూపాలని మనం పిల్లలకు పాఠం చెబుతాం, స్టాఫ్ రూమ్ గోడ మీద మాత్రం మరచిపోతాం.

ఒక వైపుకు వాలిన ఆకారాల గురించి కొంత చెప్పి, తిరిగి రెండు గుట్టల దగ్గరకు వస్తాను. తోక ఏ వైపు ఉంటే ఆ వైపు వాలిందని అంటాం, శిఖరం ఉన్న వైపు కాదు. యాభై మార్కుల పరీక్షలో నలభై మందికి, 10–14 నుంచి ఐదేసి మార్కుల బిన్లలో 1, 1, 2, 3, 5, 8, 11, 9 వచ్చాయనుకుందాం. తోక ఎడమ వైపు ఉంది. మధ్యగతం 40 దగ్గర ఉంటే, తోకలోని కొద్దిమంది లాగడం వల్ల సగటు 37 చిల్లర దగ్గర ఆగింది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న, కుడి అంచున పిల్లలు గరిష్ఠ మార్కుకు తగిలి ఆగిపోయారా అని. వెడల్పు 10తో గీస్తే 2, 5, 13, 20 అంటూ మెట్లు పైకే వెళ్లి గోడకు కొట్టుకున్నట్టు కనిపిస్తుంది. వెడల్పు 5తో చివర్లో 11 నుంచి 9కి దిగుదల ఉంది, అందులోనూ చివరి బిన్‌లో 45 నుంచి 50 వరకు ఆరు మార్కులు ఉన్నాయి. దిగుదల చిన్నదే కనుక దాని మీదే ఆధారపడకుండా ఆ తొమ్మిది మంది మార్కులను విడిగా చూడాలి. ఆరుగురికి 49, 50 వచ్చి ఉంటే, ఆ పరీక్ష పై స్థాయి పిల్లలను ఒకరి నుంచి ఒకరిని వేరు చేయలేకపోయిందని అర్థం. 45, 46, 47 అలా పరచుకుని ఉంటే పరీక్షకు ఇంకా చోటు ఉంది.

తోకను చదివే ముందు మరొకటి సరిచూసుకోవాలి. గైర్హాజరైన పిల్లలకు మార్కుల జాబితాలో సున్నా వేసి ఉంటే, ఎడమ చివర ఒంటరిగా ఒక కమ్మీ లేస్తుంది, సగటు కిందికి దిగుతుంది, లేని తోక వచ్చి చేరుతుంది. సున్నా దగ్గర కమ్మీ ఉండి, దాని పక్కన చాలా దూరం ఖాళీగా ఉంటే ముందు హాజరు పట్టీ తీయండి.

ఇప్పుడు మన రెండు గుట్టలు. 5 నుంచి మొదలైన చిత్రంలో 35–44లో 15, 65–74లో 15 ఉండగా, వాటి మధ్యనున్న ఇరవై మార్కుల మేరలో 6, 8 కలిపి పద్నాలుగు మందే ఉన్నారు. ముప్ఫైకి పద్నాలుగుకు తేడా పదహారు. ఆ మొత్తం నలభై నాలుగు మందికి వర్గమూలం ఆరున్నర పైన. తేడా ఊగిసలాటకు రెండు రెట్లకు మించి ఉంది కనుక లోయను పట్టించుకోవాలి. అయితే లోయను కంటితో చూసిన తర్వాతే ఈ లెక్క వేశాం, కాబట్టి ఇది రుజువు కాదు, వెతకడానికి కారణం మాత్రమే. రుజువు కావాలంటే గుట్టలను వేరు చేసే అంశం ఏదో కనిపెట్టాలి.

సాధారణంగా అందరూ మొదట చూసేది సెక్షన్లు. ఎ సెక్షన్‌లో ముప్ఫై ఒక్కరు, బి సెక్షన్‌లో ఇరవై తొమ్మిది మంది. అవే బిన్లతో ఎ సెక్షన్ 1, 1, 3, 8, 3, 4, 8, 2, 1 అవుతుంది. బి సెక్షన్ 0, 2, 2, 7, 3, 4, 7, 3, 1. రెండు సెక్షన్లలోనూ రెండేసి గుట్టలు అవే చోట్ల ఉన్నాయి. కాబట్టి కారణం సెక్షన్ కాదు, ఆ సెక్షన్లకు చెప్పిన ఉపాధ్యాయులూ కాదు. ఈ ఒక్క విభజన చేయకపోవడం వల్ల స్టాఫ్ సమావేశాల్లో ఎంత మనస్తాపం కలుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మాధ్యమం, బాలురు బాలికలు, హాస్టల్ పిల్లలు, ఇంటి నుంచి వచ్చేవారు, ఇలా ఏ విభజన చేసినా చూడవలసింది ఒకటే. విడదీసిన తర్వాత ఒక్కో భాగంలో ఒకే గుట్ట మిగిలిందా, లేదా?

శిఖరాల మధ్య దూరం కూడా ఒక ఆధారం ఇస్తుంది. ఎడమ శిఖరం 38 దగ్గర, కుడి శిఖరం 70 దగ్గర ఉన్నాయి. తేడా ముప్ఫై రెండు, అంటే నాలుగు ఎనిమిదులు. ప్రశ్నపత్రంలో వ్యాసరూప ప్రశ్నలు ఐదు, ఒక్కోదానికి ఎనిమిది మార్కులు. అవి పూర్తిగా వదిలేసిన విద్యార్థికి వచ్చే గరిష్ఠం అరవైయే. జవాబు పత్రాలు తీసి, మూడు లేదా అంతకంటే ఎక్కువ వ్యాసరూప ప్రశ్నలు రాసినవారిని ఒక వైపు, రెండు లేదా తక్కువ రాసినవారిని మరో వైపు వేస్తే, తక్కువ రాసిన ఇరవై తొమ్మిది మందికి 1, 3, 5, 14, 4, 2, ఆపైన ఎవరూ లేరు. ఎక్కువ రాసిన ముప్ఫై ఒక్కరికి 35–44 నుంచి 1, 2, 6, 15, 5, 2. ఒక్కో భాగంలో ఒక్కో గుట్ట వచ్చింది.

ఇక్కడ తొందరపడి కారణం దొరికిందనడం నాకు సమ్మతం కాదు. వ్యాసరూప మార్కులు మొత్తం మార్కుల్లో భాగమే. మొత్తంలో ఒక భాగాన్ని బట్టి విద్యార్థులను వేరు చేస్తే, ఒకే గుట్ట ఉన్న దత్తాంశం కూడా కొంతవరకు రెండుగా విడిపోతుంది, ఎందుకంటే ఆ భాగంలో ఎక్కువ వచ్చినవారికి మొత్తం ఎక్కువ కావడం సహజం. అందువల్ల ఇంకో చిత్రం గీయాలి. వ్యాసరూప ప్రశ్నలు తీసేసి మిగిలిన అరవై మార్కులకు మాత్రమే అందరికీ కలిపి హిస్టోగ్రామ్ గీయండి. వెడల్పు 5 అనుకుందాం, ఎందుకంటే వ్యాప్తి తగ్గింది.

ఆ చిత్రంలోనూ రెండు గుట్టలు ఉంటే, సగం తరగతికి ప్రాథమిక భావనల దగ్గరే వెనుకబాటు ఉందని, వ్యాసరూప ప్రశ్నలు దాన్ని పెద్దది చేసి చూపాయని అర్థం. అలాంటి పిల్లలకు వ్యాసరూప ప్రశ్నల అభ్యాసం చేయించడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నేను కూర్చిన దత్తాంశంలో అరవై మార్కుల చిత్రం నలభై దగ్గర శిఖరంతో ఒకే గుట్టగా వస్తుంది, కొంచెం వెడల్పుగా ఉంటుంది, అంతే. అంటే చిన్న ప్రశ్నల్లో ఈ పిల్లలు రెండు జాతులుగా లేరు. లోయను పుట్టించింది ఆ ఐదు ప్రశ్నలే. సమయం చాలక వదిలేశారా, పొడవైన సాధన రాయడం రాక వదిలేశారా అనేది హిస్టోగ్రామ్ చెప్పదు. అందుకు ఎడమ గుట్టలోని వారి పత్రాల చివరి పుటలు తిప్పి, మొదలుపెట్టి మధ్యలో ఆపినవి ఎన్ని, అసలు ముట్టనివి ఎన్ని అని చూడాలి.

వచ్చే పరీక్ష తర్వాత ఈ చిత్రాన్ని కొత్తదానితో పోల్చాలనుకునేవారు అవే హద్దులు, అంటే 5, 15, 25, 35 అనే వరుసనే వాడండి. రాసినవారి సంఖ్య మారితే ఎత్తులను శాతాల్లో చూపండి. రెండు చిత్రాల నిలువు అక్షం కొలత ఒకటే ఉండాలి. కంప్యూటరు ప్రతిసారీ కొత్త కనిష్ఠం, కొత్త గరిష్ఠం చూసుకుని బిన్లు మార్చేస్తుంది కనుక, హద్దులు చేత్తో ఇవ్వకపోతే లోయ పూడిందో, బిన్ జరిగిందో చెప్పడం కుదరదు. మీ కాగితం వెనుక అరవై మార్కులూ ఆరోహణ క్రమంలో ఉన్నాయి. వెడల్పు 15తో, ఒకసారి 0 నుంచి, ఒకసారి 5 నుంచి మొదలుపెట్టి గీయండి. భోజన విరామం తర్వాత మీకు వచ్చిన ఆకారాల మీద చర్చిద్దాం.